"పరిచయం అక్కర్లేని వ్యక్తి" అనకుండా పేరున్న వక్తని సభకి పరిచయం చెయ్యడం ఎలా?

శ్రీలక్ష్మి_ఆర్

అందరికీ నమస్కారం. వచ్చే శనివారం మా వైద్య కళాశాలలో ఒక పెద్ద గుండె శస్త్రచికిత్స నిపుణుడు మాట్లాడబోతున్నారు. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు గానీ టీవీలో, పత్రికల్లో చూడని వాళ్లు తక్కువ. ప్రసంగం పేరు "ఆపరేషన్ వద్దని ఎప్పుడు చెప్పాలి". విద్యార్థులు, అధ్యాపకులు కలిపి హాలు నిండుతుంది. పరిచయం బాధ్యత నాకు అప్పగించారు. రెండు నిమిషాలు ఇచ్చారు. ఆయన ఆఫీసు నుంచి మూడు పేజీల బయోడేటా వచ్చింది.

నేను రాసుకున్నది ఇది:

"సభకు నమస్కారం. ఈనాటి మన వక్త పరిచయం అక్కర్లేని వ్యక్తి. ఆయన గురించి నేను చెప్పడమంటే సూర్యుణ్ణి దివిటీ పట్టి చూపించడమే. బహుముఖ ప్రజ్ఞాశాలి, నిగర్వి, నిరాడంబరుడు, స్నేహశీలి. ఆయన్ని పరిచయం చేసే అవకాశం రావడం నా పూర్వజన్మ సుకృతం..."

చదువుకుంటే నాకే నీరసంగా ఉంది. ఇలాంటి మాటలు ప్రతి సభలో వింటూనే ఉన్నాం. కానీ ఇవి తీసేస్తే చెప్పడానికి ఏం మిగులుతుంది? ఆయన గురించి అందరికీ అన్నీ తెలుసు కదా? టెన్షన్‌గా ఉంది, సలహా ఇవ్వండి.

మురళి_క్విజ్

చాలా సింపుల్ అండి. పేరు చివరిదాకా చెప్పకండి. "ఒక మనిషి ఉన్నారు. వేల గుండెల్ని చేత్తో తాకారు. ఎవరాయన?" అని మొదలుపెట్టి సస్పెన్స్ పెంచండి. డిగ్రీలు, అవార్డులు ఒక్కటి కూడా వద్దు. నిమిషం దాటొద్దు. చివర్లో పేరు గట్టిగా చెప్తే హాలు చప్పట్లతో మోగిపోతుంది. ఎప్పుడైనా ఎక్కడైనా ఇదే పద్ధతి.

హరిత_జి

నాదీ ఇదే సమస్య. ఇంటర్వ్యూలో "మీ గురించి చెప్పండి" అనగానే చిన్నప్పటి నుంచి మొదలుపెట్టేస్తాను. ఎక్కడ ఆపాలో తెలీదు. పరిచయం రెండు నిమిషాలే ఉండాలంటారా?

పాతమైకు

హరిత గారూ, మీది మనల్ని మనం పరిచయం చేసుకోవడం. అక్కడ ఎదుటివాళ్లకి మీరెవరో తెలీదు. శ్రీలక్ష్మి గారి ఇబ్బంది దానికి తలకిందులు, అందరికీ తెలిసిన మనిషి గురించి ఏం చెప్పాలన్నది. మీరు వేరే చర్చ మొదలుపెట్టండి, తప్పకుండా వచ్చి రాస్తాను.

శ్రీలక్ష్మి గారూ, మీ ప్రశ్నలోనే ఒక మాట ఉంది, "ఆయన గురించి అందరికీ అన్నీ తెలుసు" అని. దాన్ని కొంచెం పరీక్షించి చూద్దాం. వాళ్లకి తెలిసింది ఆయన పేరు, ముఖం, పెద్ద సర్జన్ అన్న సంగతి. వాళ్లకి తెలియనిది ఏమిటంటే, జీవితమంతా ఆపరేషన్లు చేసిన మనిషి ఆపరేషన్ *వద్దనడం* గురించి ఎందుకు మాట్లాడుతున్నారు అన్నది. అది మీ హాల్లో ఎవరికీ తెలీదు, మీతో సహా. పరిచయం చెయ్యాల్సింది దాన్ని. మనిషి ఎంత పేరున్నవాడైనా, ఈ రోజు, ఈ విషయం మీద, ఈ శ్రోతలకి ఆయన ఏమవుతాడన్నది మాత్రం ఎవరో ఒకరు చెప్పాలి.

"పరిచయం అక్కర్లేదు" అన్న మాటతో నాకున్న అసలు పేచీ అది పాతబడిందని కాదు. ఆ మాట అనగానే వినేవాళ్లకి ఒక అనుమతి దొరుకుతుంది. అక్కర్లేనిది ఎందుకు వినాలి? ఫోన్లు బయటికొస్తాయి. ఆ తర్వాత మీరు ఎంత మంచి విషయం చెప్పినా సగం మంది వినరు. ఇంకొకటి, ఆయన్ని నిజంగా తెలియని వాళ్లు కొందరు ఉంటారు, నిన్నమొన్న చేరిన మొదటి సంవత్సరం పిల్లలు. తెలియకపోవడం తమ తప్పేమో అని వాళ్లు ముడుచుకుంటారు.

ఆ మాట నిజంగా వర్తించే చోట దాన్ని ఎవరూ అనరు, గమనించారా? అమెరికా అధ్యక్షుడు ఏటా కాంగ్రెసు ఉభయ సభల ముందు ప్రసంగించడానికి వచ్చేటప్పుడు వాకిట్లో నిలబడ్డ అధికారి పదవి పేరు ఒక్కటే పెద్దగా పలుకుతాడు. అంతే, ఆయన లోపలికి నడిచి వస్తాడు. పరిచయం అక్కర్లేకపోతే చెయ్యాల్సిన పని ప్రకటించి కూర్చోవడం. అక్కర్లేదని చెప్పి అయిదు నిమిషాలు చెయ్యడం కాదు.

ఇక విశేషణాలు. మీ చిత్తులో ప్రతి వాక్యంలో ఆయన పేరు తీసి ఇంకో పెద్దమనిషి పేరు పెట్టి చదవండి. ఒక గాయకుడి పేరో, ఒక పారిశ్రామికవేత్త పేరో. వాక్యం చెక్కుచెదరకుండా నిలబడితే దాన్ని కొట్టెయ్యండి. అది ఆయన గురించిన వాక్యం కాదు. బహుముఖ ప్రజ్ఞాశాలి, నిగర్వి, నిరాడంబరుడు, మూడూ పోతాయి. సూర్యుడూ దివిటీ కూడా పోతాయి. పూర్వజన్మ సుకృతం మీ గురించిన మాట, ఆయన గురించి కాదు కాబట్టి అదీ పోతుంది.

ఖాళీ కాగితం మిగిలిందని కంగారు పడకండి. ఆయనకి ఫోన్ చెయ్యండి.

శ్రీలక్ష్మి_ఆర్

ఫోన్ చేసి ఏం అడగాలండి? అంత పెద్దాయన్ని "మీ గురించి చెప్పండి" అంటే బాగుండదేమో.

పాతమైకు

అలా అడగొద్దు, బయోడేటా పంపారుగా. నేనైతే మూడు అడుగుతాను. ఈ విషయం మీదే మాట్లాడాలని మీకు ఎందుకనిపించింది? మీ ప్రసంగం దేనితో మొదలవుతుంది? పరిచయంలో ఏది చెప్పకుండా ఉంటే మంచిది? పేరు, హోదా ఎలా పలకమంటారో కూడా అడిగి ఆయన నోటివెంటే వినండి. అయిదు నిమిషాల పని. ఇలా అడిగితే చిన్నబుచ్చుకున్న వక్తని నేనింతవరకూ చూడలేదు, చాలామంది సంతోషిస్తారు.

రెండో ప్రశ్న మర్చిపోకండి. దాని విలువ వేదికెక్కి మాట్లాడేవాళ్లకి తెలుస్తుంది.

రమణ_ఎస్

ఆ మాట నేను చెప్తాను. వృత్తిరీత్యా చాలా సభల్లో మాట్లాడతాను. ఒకచోట నన్ను పరిచయం చేసినావిడ ఎంతో శ్రద్ధగా నా పాత ప్రసంగాలన్నీ వీడియోల్లో చూసి వచ్చారు. వాటిల్లో నేను మొదట్లో చెప్పే ఒక సంఘటన ఉంది. దాన్ని ఆవిడే, చివరి వాక్యంతో సహా, నాకంటే బాగా చెప్పేశారు. సభ నవ్వింది. నేను లేచి మైకు దగ్గరికి నడిచే ఆ పది అడుగుల్లో కొత్త ప్రారంభం వెతుక్కోవాల్సి వచ్చింది. ఆవిడ ఉద్దేశం మంచిదే. కానీ ఒక్క మాట ముందు అడిగి ఉంటే ఆ పరిస్థితి వచ్చేది కాదు.

ఇంకో రకం ఉంది. "ఇప్పుడు మాట్లాడబోయే వారు మిమ్మల్ని కడుపుబ్బ నవ్విస్తారు, ఈ రోజు తర్వాత మీ జీవితం మారిపోతుంది" అని మాటిచ్చేస్తారు. ఆ మాట ఇచ్చింది వాళ్లు, నిలబెట్టుకోవాల్సింది నేను. అలా విన్న సభ చేతులు కట్టుకుని "ఏదీ, నవ్వించు" అన్నట్టు కూర్చుంటుంది. ఆ బిగువు సడలడానికి నాకు చాలాసేపు పడుతుంది. ప్రసంగం ఎలా ఉండబోతోందో దయచేసి చెప్పకండి. దేని గురించో చెప్పండి చాలు.

విశ్వం_మాస్టారు

అందరూ చెప్తున్నది బాగుంది గానీ ఒక సంగతి వదిలేస్తున్నారు. ఆ మూడు పేజీల బయోడేటాలో ఒక మనిషి నలభై ఏళ్ల కష్టం ఉంది. అవార్డులు, పదవులు చదవకపోతే అగౌరవం అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వక్తే అనుకోవచ్చు, ఆయనతో వచ్చినవాళ్లు అనుకోవచ్చు, మీ కాలేజీ పెద్దలు తప్పకుండా అనుకుంటారు. వినేవాళ్లకి విసుగని పెద్దవాళ్ల మర్యాద తీసెయ్యడం నాకు సరిగా అనిపించదు.

మురళి_క్విజ్

మాస్టారూ, అవార్డుల జాబితా ఎవరు వింటారండీ? ఆహ్వాన పత్రిక వెనక అచ్చు వేయిస్తే సరిపోతుంది.

విశ్వం_మాస్టారు

అచ్చు వేయించడం మంచిదే. కానీ నలుగురిలో నోటితో చెప్పిన దానికి ఉన్న విలువ కాగితానికి రాదు. పాతమైకు గారు ఏమంటారో?

పాతమైకు

మాస్టారు అన్నదాన్ని నేను తేలిగ్గా తీసుకోను. నా అలవాటు ఏమిటంటే, ప్రసంగం విషయానికి సంబంధం ఉన్న ఒక్క గౌరవాన్ని ఎంచుకుని అది ఎందుకిచ్చారో కూడా చెప్తాను. "ఎన్నో అవార్డులు అందుకున్నారు" కంటే "ఫలానా పనికి ఫలానా గౌరవం దక్కింది" అన్నదే పెద్ద మర్యాద. జాబితా చదివేటప్పుడు ఏడో అవార్డు దగ్గరికొచ్చేసరికి మొదటిది ఎవరికీ గుర్తుండదు, అప్పుడు అన్నీ చిన్నవైపోతాయి. కానీ కుటుంబసభ్యులు ముందు వరసలో ఉన్న సన్మాన సభ అయితే నేను కూడా జాబితా చదువుతాను. అక్కడ వచ్చిన పనే అది. ఇది ప్రసంగ సభ, అందుకని తేడా.

శ్రీలక్ష్మి_ఆర్

ఫోన్ చేశాను! చాలా ఆప్యాయంగా మాట్లాడారు. ఒక గొప్ప విషయం దొరికింది, కానీ దాంతోనే చిక్కొచ్చింది.

ఆపరేషన్ వద్దని తను చెప్పిన రోగుల పేర్లన్నీ ఆయన ఒక నోటుబుక్కులో రాసుకుంటారట. చేసినవాళ్ల పేర్లు కాదు, వద్దన్న వాళ్లవి. ఏడాదికోసారి వాళ్ల ఇళ్లకి ఫోన్ చేసి ఎలా ఉన్నారో కనుక్కుంటారట. వినగానే నా పరిచయం ఇదే అనుకున్నాను. వెంటనే ఆయనే అన్నారు, "ఆ పుస్తకం తెస్తున్నానమ్మా, దాంతోనే మొదలుపెడతాను, మీరు చెప్పొద్దు" అని. పాతమైకు గారి రెండో ప్రశ్న అడగకపోతే తప్పకుండా చెప్పేసేదాన్ని.

ఇంకేమీ చెప్పలేదు. "మీకు తోచింది చెప్పండి, పొగడ్తలు తగ్గించండి" అన్నారు. మళ్లీ మొదటికొచ్చాను.

రమణ_ఎస్

మొదటికి రాలేదు. ఆయన దగ్గర దొరకనిది ఆయన్ని చూసినవాళ్ల దగ్గర దొరుకుతుంది. ఆయన దగ్గర పనిచేసినవాళ్లు మీ కాలేజీలో ఎవరైనా ఉన్నారా?

శ్రీలక్ష్మి_ఆర్

ఉన్నారు. మా ఆచార్యులొకరు ఆయన దగ్గర శిక్షణ పొందారు. ఇప్పుడే అడిగొచ్చాను. శిక్షణలో ఉన్న డాక్టరు ఎవరైనా ఒక కేసు చెప్పి ఆపరేషన్ ప్లాన్ వివరించగానే ఆయన ఎప్పుడూ ఒకే ప్రశ్న వేసేవారట, "ఏమీ చెయ్యకపోతే ఏమవుతుంది?" అని. దానికి జవాబు తెలియకుండా వస్తే మళ్లీ రోగి దగ్గరికి పంపేసేవారట. మా సార్ ఇప్పుడు తన విద్యార్థుల్ని అదే ప్రశ్న అడుగుతున్నానన్నారు.

పాతమైకు

దొరికింది. ఇందులో మూడూ ఉన్నాయి. విషయం ఉంది, ఆయన ఉన్నారు, మీ శ్రోతలు కూడా ఉన్నారు, ఎందుకంటే ఆ ప్రశ్న మీ కాలేజీలో ఇప్పటికే వినిపిస్తోంది. వాడుకోవడానికి మీ సార్ అనుమతి, వక్త అనుమతి రెండూ తీసుకోండి. నేనైతే ఇలా అల్లుతాను, మీ మాటల్లోకి మార్చుకోండి:

"మన మూడో సంవత్సరం విద్యార్థులకి వార్డులో తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. 'ఏమీ చెయ్యకపోతే ఏమవుతుంది?' ఆ ప్రశ్న మన ఆచార్యులది కాదు. శిక్షణలో ఉన్నప్పుడు ఆయన్ని వాళ్ల గురువుగారు అడిగింది. ఆపరేషన్ ఎలా చెయ్యాలో మనకి చాలామంది నేర్పుతారు. ఎప్పుడు చెయ్యకూడదో నేర్పేవాళ్లు తక్కువ. ఇన్నేళ్లుగా ఆపరేషన్ థియేటర్లో గడిపిన ఆ గురువుగారు ఈ రోజు దాని గురించే మాట్లాడతారు. 'ఆపరేషన్ వద్దని ఎప్పుడు చెప్పాలి', డాక్టర్..."

తర్వాత పేరు. అయిపోయింది. ఒక్క విశేషణం లేదు. అయినా ఆయన ఎంతటివారో సభకి అర్థమవుతుంది.

నిశాంత్_వి

చదువుతుంటే నాకూ ప్రయత్నించాలనిపించింది. అందరికీ తెలిసిన మనిషితో అభ్యాసం చేశాను. పి.వి. సింధు గారు ఓటమి గురించి మాట్లాడటానికి వచ్చారనుకుందాం, నేను పరిచయం చెయ్యాలి:

"2016 రియోలో వెండి పతకం, టోక్యోలో కాంస్యం, ఇవి మనందరికీ తెలుసు. 2017లో గ్లాస్గోలో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్. ఒకుహరాతో 110 నిమిషాల ఆట. మూడో గేమ్ 20-22తో చేజారింది. మరుసటి ఏడాది మళ్లీ అదే టోర్నీ ఫైనల్, ఈసారి మారిన్ చేతిలో ఓటమి. 2019లో బాసెల్‌లో మళ్లీ ఫైనల్, ఎదురుగా మళ్లీ ఒకుహరా. 21-7, 21-7. ముప్పై ఎనిమిది నిమిషాల్లో ముగిసింది. ఆ ప్రపంచ చాంపియన్, పి.వి. సింధు!"

ఎలా ఉంది?

రమణ_ఎస్

వివరాలు బాగా ఎంచుకున్నారు. "దేశం గర్వించదగ్గ ఆణిముత్యం" అనకుండా 110 నిమిషాలు అన్నారు, అది చెవిలో నిలుస్తుంది. కానీ వక్త కుర్చీలో కూర్చుని వింటే నాకు భయమేస్తుంది. ఓటమి గురించి మాట్లాడటానికి వచ్చిన మనిషికి మీరు 2017, 2018, 2019 మూడూ చెప్పేసి గెలుపుతో ముగించేశారు. ఆవిడ చెప్పడానికి కథ ఏం మిగిలింది?

పాతమైకు

రమణ గారితో ఏకీభవిస్తాను. పైగా గెలుపు సంగతి హాల్లో అందరికీ తెలుసు, అది చెప్పడం వల్ల ఒరిగేదేమీ లేదు. 2018 దగ్గర ఆపెయ్యండి. "ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో వరసగా రెండేళ్లు ఓడిన మనిషి మూడోసారి అదే ఫైనల్‌కి ఎలా వెళ్తారు? ఆ మధ్య రోజుల్లో ఏం జరిగిందో మనకి తెలీదు" అంటే చాలు. తెలిసిన మనిషిలో తెలియని చోటుని చూపించారు. ముందు రాసిన పతకాల వాక్యం కూడా తీసెయ్యొచ్చు. "మనందరికీ తెలుసు" అని మీరే అంటున్నారు కదా, తెలిసినదాన్ని ఎందుకు చెప్పడం?

అంకెలు చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త. ఒకటి రెండు చాలు, అవి కూడా సరిచూసుకున్నవే అయ్యుండాలి. ఆట స్కోరు తప్పు చెప్తే వక్త మొహమాటానికి ఊరుకోవచ్చు, వెనక వరస ఊరుకోదు.

మురళి_క్విజ్

అందరూ చివరికి పేరు చివర్లోనే పెట్టారు. నేను మొదట చెప్పింది అదే కదా.

పాతమైకు

పేరు చివర్లో ఉండటం సరైనదే మురళి గారూ. అది చప్పట్లకి సంకేతం. పేరు మధ్యలో చెప్పేస్తే జనం అక్కడే చప్పట్లు కొడతారు, మిగతా పరిచయం ఆ చప్పుడులో కొట్టుకుపోతుంది. నేను ఒప్పుకోనిది సస్పెన్స్. గుమ్మం దగ్గర ఫ్లెక్సీ మీద ఫోటో ఉంది, మనిషి వేదిక మీద కూర్చుని ఉన్నారు. "ఎవరాయన?" అంటే ఎవరికీ ఉత్కంఠ కలగదు. దాచినట్టు నటించకుండా, ఊరికే చివర్లో చెప్పండి. డిగ్రీలు ఒక్కటీ వద్దన్నది కూడా నేను అంత గట్టిగా అనను. కొత్త విషయం మీద మాట్లాడే వక్తకి ఆ విషయంలో అర్హత ఏమిటో సభకి తెలియాలి.

మురళి_క్విజ్

సస్పెన్స్ కొన్నిచోట్ల పనిచేస్తుందనే నా నమ్మకం. వక్త వేదిక వెనక ఉండి, పోస్టర్లో పేరు లేకపోతే? కాలేజీ ఫెస్టుల్లో "సర్‌ప్రైజ్ గెస్ట్" అంటే అరుపులే అరుపులు.

పాతమైకు

అలాంటి చోట సరే. శ్రీలక్ష్మి గారి సభ అది కాదు.

విశ్వం_మాస్టారు

నాకు ఇంకా ఒక పట్టింపు ఉంది. తెలుగు సభలో పెద్దాయన్ని పిలిచేటప్పుడు మరీ పొట్టిగా పేరు చెప్పి ఊరుకుంటే కటువుగా ఉంటుంది. "వేదికనలంకరించవలసిందిగా సవినయంగా కోరుతున్నాను" అన్న మాటలో ఒక సంస్కారం ఉంది. అది పడికట్టు మాటే అయినా నాకు చెడ్డగా వినిపించదు.

రమణ_ఎస్

మాస్టారూ, వినయం ఉండాలి, కాదనను. కానీ పేరు తర్వాత అంత పొడవు వాక్యం వస్తే చప్పట్లు ఎక్కడ కొట్టాలో సభకి తెలీదు. కొందరు పేరు దగ్గర కొడతారు, కొందరు "కోరుతున్నాను" దగ్గర. నేను ఎప్పుడు లేవాలో నాకూ తెలీదు, సగం లేచి మళ్లీ కూర్చున్న సందర్భాలున్నాయి. ఆ మర్యాద మాటలు పేరుకి ముందు పెడితే మీ కోరికా తీరుతుంది, నా ఇబ్బందీ తీరుతుంది. "మనతో మాట్లాడవలసిందిగా కోరుతున్నాను, డాక్టర్ ఫలానా గారు" అంటే సరి.

విశ్వం_మాస్టారు

అది బాగుంది.

శ్రీలక్ష్మి_ఆర్

ఇద్దరి అనుమతీ తీసుకున్నాను. వక్తగారు ఆ ప్రశ్న సంగతి విని ఆశ్చర్యపోయారు, అది ఇంకా నడుస్తోందని ఆయనకి తెలియదట. ఫోన్లో గడియారం పెట్టుకుని పైకి చదివితే నిమిషం మీద ఇరవై సెకన్లు వచ్చింది. రెండు నిమిషాలు ఇచ్చారు కదా, మిగతా నలభై సెకన్లు ఏం చెయ్యమంటారు? మా కార్యదర్శి "ఇంత చిన్నగా ఉంటే ఎలా, కనీసం 'పరిచయం అక్కర్లేని' అన్న మాటైనా పెట్టండి" అంటున్నారు.

పాతమైకు

నలభై సెకన్లు వక్తకి ఇచ్చెయ్యండి. సభలో వేదిక మీద మీరు కొంచెం నెమ్మదిగా చదువుతారు, అందులో కొంత అదే తినేస్తుంది. కార్యదర్శి గారికి మీ కాగితం ఒకసారి పైకి చదివి వినిపించండి. కాగితం మీద పొట్టిగా కనిపించేది చెవికి సరిపోతుంది. అప్పటికీ ఒప్పుకోకపోతే అవార్డుల భాగం ఆయన స్వాగత వచనాల్లో చెప్పమనండి, మాస్టారి మాటా నిలబడుతుంది. ఆ ఒక్క వాక్యం కోసం ఆయనతో గొడవ పెట్టుకోవాలా వద్దా అన్నది మాత్రం మీరే తేల్చుకోవాలి, మీరక్కడ పనిచెయ్యాలి కదా.

ఒక్కటి సాధన చెయ్యండి. పేరు పలికేటప్పుడు చాలామంది మర్యాదగా వక్త వైపు తిరుగుతారు. నోరు మైకు నుంచి పక్కకి పోతుంది, అందరూ ఎదురుచూసే ఆ ఒక్క మాటే వినపడదు. సభ వైపు చూస్తూ పేరు పూర్తిగా పలకండి, అప్పుడు తిరగండి, మొదటి చప్పట్లు మీరే కొట్టండి. ఆయన మైకు దగ్గరికి వచ్చేదాకా అక్కడే ఉండి, చోటిచ్చి పక్కకి తప్పుకోండి. ఆయన చేతిలో నోటుబుక్కు ఉంటుంది కాబట్టి బల్ల మీద మీ కాగితాలు, నీళ్ల సీసాలు ముందే తీసేయించండి.